ఫ్లెక్సీ పటం వద్దు, 52 గళ్లు గీయించండి



ఈ నెల 30న, అంటే 2025 నవంబర్ 30న, ఆగమన కాలపు మొదటి ఆదివారం. మన కన్ఫర్మేషన్ తరగతి కూడా ఆ రోజే మొదలవుతుంది. తరగతి గది గోడ మీద సంఘ సంవత్సరం పటం ఒకటి ఉండాలని, ఏ కాలానికి ఏ రంగో పిల్లలకు దాని మీద చూపాలని కమిటీలో అందరూ ఒప్పుకున్నారు. తేడా తరువాత వచ్చింది. పెద్దలు కొందరు, "అయ్యగారూ, పిల్లల చేత అంటించడం, కత్తిరించడం ఎందుకు? గాజువాకలో ఫ్లెక్సీ కొట్టిస్తే సాయంత్రానికల్లా చేతికొస్తుంది, పదేళ్లు పడి ఉంటుంది" అన్నారు. నమూనా కూడా వాట్సాప్‌లో పంపారు. వారి ప్రేమను నేను కాదనడం లేదు. ఆ పటాన్ని మాత్రం గట్టిగా కాదంటున్నాను. కమిటీలో పది నిమిషాల్లో చెప్పలేకపోయిన కారణాలు ఇక్కడ తీరికగా రాస్తున్నాను.

ఆ నమూనా చూసినవారికి తెలుసు. పిజ్జాను కోసినట్టు గుండ్రంగా ఏడు సమాన ముక్కలు. ఆగమనం, క్రిస్మస్, ప్రత్యక్షత, శ్రమకాలం, పునరుత్థానం, పెంతెకొస్తు, ఏడోది 'సాధారణ కాలం'. ఆగమనం ముక్కలో మంచు కురుస్తోంది. పునరుత్థానం ముక్కలో కుందేలు పిల్ల ఒకటి ఉంది. నాలుగు మూలలా దాతల ఫొటోలు, అన్నిటికంటే పెద్దది నాది. నా ఫొటో సంగతి వదిలేయండి, దాన్ని ఎలాగూ తీయించేస్తాను. మంచు, కుందేలు కూడా పెద్ద పాపమేమీ కాదు. చోడవరం పిల్లవాడు మంచు చూసి మోసపోడు, నవ్వుకుంటాడు. నా పోరంతా ఆ ఏడు సమాన ముక్కల మీద. అవి అబద్ధం చెబుతున్నాయి. ఆ అబద్ధాన్నే మన సంఘాలు చాలా ఏళ్లుగా నమ్మి బతుకుతున్నాయి కాబట్టి దాన్ని గోడకెక్కించడం నాకు ఇష్టం లేదు.

లెక్క చూద్దాం. రాబోయే సంఘ సంవత్సరం నవంబర్ 30న మొదలై, 2026 నవంబర్ 29న మళ్లీ ఆగమనం వచ్చే ముందు ముగుస్తుంది. అందులో సరిగ్గా 52 ఆదివారాలున్నాయి. ఆగమనానికి నాలుగు, క్రిస్మస్ కాలానికి రెండు. ప్రత్యక్షత తరువాత, భస్మ బుధవారం లోపల ఆరు. శ్రమకాలానికి మట్టల ఆదివారంతో కలిపి ఆరు. ఏప్రిల్ 5న పునరుత్థాన పండుగ, అది మొదలు ఏడు ఆదివారాలు. మే 24న పెంతెకొస్తు ఒక్కటి, మే 31న త్రిత్వ ఆదివారం ఒక్కటి. ఇక మిగిలినవి జూన్ 7 నుంచి నవంబర్ 22 వరకు 25. రంగుల వారీగా కూడితే ఊదా 10, తెలుపు 12, ఎరుపు ఒకే ఒక్కటి, ఆకుపచ్చ 29.

యాభై రెండింటిలో ఇరవై తొమ్మిది! సగం కంటే ఎక్కువ. ఫ్లెక్సీలో ఆ ఆకుపచ్చకు ఏడింట ఒక వంతు దక్కింది. ఒకే ఆదివారమైన పెంతెకొస్తుకూ అంతే దక్కింది, రెండే ఆదివారాల క్రిస్మస్ కాలానికీ అంతే. ఏడాదంతా ఆ పటం ఎదురుగా కూర్చున్న పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? సంఘ సంవత్సరమంటే వరుసగా పండుగలనీ, వాటి మధ్య సందులో కాస్త ఆకుపచ్చ ఉంటుందనీ. మన హాజరు పట్టీ చూడండి. క్రిస్మస్‌కు గుడి బయట షామియానా వేస్తాం. ఆగస్టు ఆదివారాన వెనక బల్లలు ఖాళీ. మాటల్లో ఎవరమూ చెప్పకపోయినా, పండుగ ఉంటేనే దేవుని దగ్గర పని ఉన్నట్టు పిల్లలకు మనమే నేర్పాం. ఇప్పుడు దాన్ని రంగుల్లో అచ్చు వేసి మరీ నేర్పుదామా?

అందుకే నేను అడుగుతున్నది 52 గళ్ల పటం. ఒక ఆదివారానికి ఒక గడి. పిల్లలే కొలవాలి, పిల్లలే కత్తిరించాలి, పిల్లలే అంటించాలి. ఎలాగో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ పని విలువంతా ఆ కొలతలోనే ఉంది.

స్కూలు పుస్తకాలకు అట్టలు వేసే ఖాకీ రంగు కాగితం తీసుకోండి. తెల్ల చార్టు వద్దు, కారణం తరువాత చెబుతాను. కనీసం 56 సెంటీమీటర్ల చదరం రావాలి, అవసరమైతే రెండు కాగితాలు జత చేసి అంటించండి. దాన్ని నాలుగు మడతలు పెట్టి విప్పితే మధ్యలో కూడలి గుర్తు పడుతుంది. అక్కడ చిన్న మేకు ఆనించి, 25 సెంటీమీటర్ల దారానికి పెన్సిల్ కట్టి వలయం గీయండి. ఆ వలయం చుట్టుకొలత సుమారు 157 సెంటీమీటర్లు. గడికి మూడు సెంటీమీటర్లు వేస్తే 52 గళ్లకు 156. ఒక్క సెంటీమీటరు మిగులుతుంది, దాన్ని ఎక్కడైనా సర్దేయవచ్చు. అదే మేకు నుంచి 19 సెంటీమీటర్లతో లోపల మరో వలయం, 12తో ఇంకొకటి గీయండి. బయటి పట్టీ రంగులకు. లోపలి పట్టీ ఎందుకో కింద చెబుతాను.

పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. మొదటి గడి దగ్గర స్కేలు పెట్టి ఒకటి రెండు మూడు అంటూ 52 వరకు ఒకే ఊపున కొలుచుకుంటూ పోతారు. గడికి ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా చివరకు అయిదు సెంటీమీటర్లు తేడా వస్తుంది, అంటే దాదాపు రెండు వారాలు మాయమవుతాయి. అలా కాకుండా మడతల వల్ల వచ్చిన నాలుగు గీతలను వాడుకోండి. గీతకూ గీతకూ మధ్య 13 గళ్లు. ఒక పాతిక భాగంలో తప్పు వస్తే అక్కడే దొరికిపోతుంది, పక్క భాగంలోకి పాకదు.

ఈ ఏడాది ఆ నాలుగు గీతలు ఎక్కడ పడుతున్నాయో చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. మొదటి గీత దగ్గర నవంబర్ 30, రెండో గీత దగ్గర మార్చి 1, మూడో గీత దగ్గర మే 31, నాలుగో గీత దగ్గర ఆగస్టు 30. మే 31 త్రిత్వ ఆదివారం కదా. అంటే ప్రభువు రాకడ కోసం కనిపెట్టడం, పుట్టుక, శ్రమ, మరణం, పునరుత్థానం, ఆరోహణం, ఆత్మ దిగివచ్చుట అన్నీ సరిగ్గా సగం వలయంలో సర్దుకున్నాయి. మిగతా సగంలో మొదట త్రిత్వ ఆదివారపు తెలుపు, చివర నవంబర్ 22న క్రీస్తు రాజు ఆదివారపు తెలుపు, మధ్యలో 24 గళ్లు ఏకధాటిగా ఆకుపచ్చ. సగం పటం ప్రభువు జీవితం, సగం పటం ఆయన వెంట నడిచే జీవితం. నేను ప్రసంగం చేయక్కర్లేదు, పటమే చెబుతుంది. కానీ ముక్కలు సమానంగా కోస్తే చెప్పదు.

ఇంకో చిన్న సంగతి. గ్లేజు కాగితాల ప్యాకెట్టులో అన్ని రంగులూ సమానంగా ఉంటాయి. పిల్లలు అంటిస్తూ పోతే ఆగస్టు దాటకముందే ఆకుపచ్చ అయిపోయి, ఎరుపు మాత్రం దాదాపు ముట్టుకోకుండా మిగులుతుంది. "అయ్యగారూ, ఆకుపచ్చ అయిపోయింది" అని వస్తారు. ముందే కొని పెట్టకండి. రానివ్వండి. కొట్టుకు వెళ్లి మళ్లీ ఆకుపచ్చ కొనుక్కు వచ్చిన పిల్లవాడు ఆ 29ని జీవితంలో మరిచిపోడు.

తెల్ల చార్టు ఎందుకు వద్దన్నానంటే, దాని మీద తెల్ల గడి ఖాళీ గడిలాగే ఉంటుంది. పునరుత్థాన కాలపు ఏడు వారాలు "ఇంకా రంగు వేయలేదు" అన్నట్టు కనిపిస్తాయి. చూడడానికి వచ్చిన తల్లిదండ్రులు కూడా అదే అడుగుతారు. మన పెద్ద పండుగే పటం మీద ఖాళీగా కనిపించడం ఏం బాగుంటుంది? ఖాకీ కాగితం మీద తెల్ల ముక్క అంటిస్తే దూరం నుంచి కూడా వెలుగుతుంది. స్కెచ్ పెన్నులతో రంగు వేయించవద్దు. ఊదా పెన్ను సగంలో ఎండి గులాబీ రంగులోకి దిగుతుంది, అప్పుడు శ్రమకాలం మధ్యలో రంగు మారినట్టు ఉంటుంది. (కథోలిక్కుల ఆచారంలో ఆగమనంలో ఒకటి, తపస్సు కాలంలో ఒకటి, రెండు ఆదివారాలు నిజంగానే గులాబీ రంగు వాడవచ్చు. కానీ అది పెన్ను ఎండిపోవడం వల్ల వచ్చేది కాదు కదా.)

వారం మధ్యలో వచ్చే రోజులకు చిన్న గుండ్రటి ముక్కలు కత్తిరించి ఆయా గళ్ల మీద అంటించండి. 2025 క్రిస్మస్ గురువారం, కాబట్టి ఆ తెల్ల చుక్క ఆగమనం నాలుగో ఆదివారపు ఊదా గడి మీదే పడుతుంది. పిల్లలు తప్పకుండా అడుగుతారు. క్రిస్మస్ రంగు ఆదివారం కోసం ఆగదని చెప్పండి. ఫిబ్రవరి 18 భస్మ బుధవారం అలాగే ఆకుపచ్చ గడిలో పడుతుంది. కాలాలు గడి అంచుల దగ్గర బుద్ధిగా మారవు, వారం మధ్యలో మారతాయి.

ఫ్లెక్సీ పదేళ్లుంటుందన్నారు. అదే దాని రెండో తప్పు. పునరుత్థాన పండుగ మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 వరకు ఎప్పుడైనా రావచ్చు. దానితోపాటే శ్రమకాలం, పెంతెకొస్తు, త్రిత్వ ఆదివారం అన్నీ జరుగుతాయి. 2025లో ఏప్రిల్ 20న చేసుకున్నాం, 2026లో ఏప్రిల్ 5, 2027లో మార్చి 28. అది ముందుకు వస్తే జనవరి, ఫిబ్రవరిల ఆకుపచ్చ తగ్గి, జూన్ తరువాతి ఆకుపచ్చ పెరుగుతుంది. ఏడాదికి 53 ఆదివారాలు వచ్చే సందర్భాలు కూడా ఉన్నాయి. 2022 నవంబర్ 27న మొదలైన సంవత్సరం అలాంటిదే. పదేళ్లుండే పటం మీద తేదీలు వేయలేరు. తేదీలు లేని పటం ఏ సంవత్సరానిదీ కాదు, 'మనం ఇప్పుడు ఇక్కడున్నాం' అని దాని మీద వేలు పెట్టి చూపలేం.

మీ ఇళ్లలో గోడ క్యాలెండర్లున్నాయి. స్టీల్‌ప్లాంట్‌లో పనిచేసేవారి ఇళ్లలో ఆ క్యాలెండరు మీద ఎ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు అని పెన్నుతో రాసి ఉంటుంది. ఆ రాత చూసి నాన్న ఏ ఆదివారం ఇంట్లో ఉంటాడో పిల్లలు ఇట్టే చెబుతారు. అంటే గోడ మీది కాలాన్ని చదవడం వారికి కొత్త కాదు. ఆ క్యాలెండరే తీసుకురమ్మనండి. మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే మొదటి పౌర్ణమిని వెతకమనండి. దాని తరువాతి ఆదివారమే పునరుత్థాన పండుగ. 2026లో ఏప్రిల్ మొదటి రెండు రోజుల్లో పౌర్ణమి, తరువాతి ఆదివారం ఏప్రిల్ 5. సరిపోయింది. 2027లో మార్చి 22న పౌర్ణమి, ఆదివారం మార్చి 28. అదీ సరిపోయింది. తెలివైన పిల్లవాడు 2019 క్యాలెండరు తెచ్చి మిమ్మల్ని పట్టుకుంటాడు. ఆ ఏడు మార్చి 21న పౌర్ణమి పడింది, పండుగ మాత్రం ఏప్రిల్ 21న చేశాం. సంఘం ఆకాశంలో చంద్రుణ్ణి చూసి లెక్క కట్టదు, పూర్వం వేసి పెట్టుకున్న పట్టికను బట్టి కడుతుంది. ఆ పట్టిక ప్రకారం ఆ పౌర్ణమి ఒక రోజు ముందే అయిపోయింది, కాబట్టి లెక్క తరువాతి పౌర్ణమికి వెళ్లింది. ఈ మాట దాచకుండా చెప్పండి.

ఇక రంగుల అర్థాలు. ఫ్లెక్సీ అడుగున ఒక వరుస ఉంది: ఊదా అంటే పశ్చాత్తాపం, తెలుపు అంటే పరిశుద్ధత, ఎరుపు అంటే అగ్ని, ఆకుపచ్చ అంటే ఎదుగుదల. కన్ఫర్మేషన్ పరీక్షలో అదే ప్రశ్న, అదే జవాబు. ఇలా బట్టీ పట్టిన పిల్లవాడు డిసెంబర్ 8న స్నేహితులతో రాస్ హిల్ ఎక్కుతాడు. ఓడరేవు మీదికి కనిపించే ఆ కొండగుడిలో ఆ రోజు మరియమ్మ పండుగ, గురువు తెల్లని వస్త్రాల్లో ఉంటారు. మన గుడిలో మాత్రం ఊదా. మరో సంఘానికి వెళితే ఆగమనానికి నీలం కనబడవచ్చు. శుభ శుక్రవారం నాడు ఒక చోట ఎరుపు, ఒక చోట నలుపు. మట్టల ఆదివారం మనం ఊదా వేస్తాం, కథోలిక్కులు ఎరుపు వేస్తారు. రంగుకు దేవుడే అర్థం రాసి ఇచ్చాడని నమ్మిన పిల్లవాడికి వీరిలో ఎవరో ఒకరు తప్పు చేస్తున్నట్టు కనిపిస్తుంది. లేదా అందరూ కల్పించి చెబుతున్నట్టు కనిపిస్తుంది.

నిజం చెప్పేద్దాం. ఈ రంగుల వరుస బైబిలులో లేదు. పన్నెండో శతాబ్దం చివర, తరువాత మూడో ఇన్నోసెంట్ పేరుతో పోపు అయిన వ్యక్తి, రోము నగరంలో ఏ రోజుకు ఏ రంగు వాడుతున్నారో తన పుస్తకంలో రాశాడు. ఆయన చెప్పినవి ముఖ్యంగా తెలుపు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. ఆగమనానికి, శ్రమకాలానికి ఆయన వరుసలో నలుపే. ఊదాను దానికి దగ్గరిదిగా చెప్పాడు. ఆకుపచ్చ గురించి ఆయన ఇచ్చిన కారణం ఎదుగుదల కాదు. మిగతా రంగులకు మధ్యలో ఉండే రంగు కాబట్టి, పండుగా ఉపవాసమూ కాని రోజులకు తగినదన్నాడు. 1570లో అయిదో పయస్ పోపు ఆరాధన పుస్తకంతో కథోలిక్కులకు అది ఒకే పద్ధతిగా స్థిరపడింది. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో కాలానికో రంగు అనే పట్టికే లేదు. ఆంగ్లికన్ గుళ్లలోకి ఈ అలవాటు పందొమ్మిదో శతాబ్దంలో తిరిగి వచ్చింది. మన దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబర్ 27న ఏర్పడినప్పుడు రంగులున్న ఆంగ్లికన్లు, వాటి పట్టింపు లేని కాంగ్రిగేషనల్ వారు, ప్రెస్బిటేరియన్లు, మెథడిస్టులు ఒకే కప్పు కిందికి వచ్చారు.

ఇక్కడ నాకు రెండో వైపు నుంచి దెబ్బ పడుతుందని తెలుసు. "అయ్యగారే ఒప్పుకున్నారు, ఇది రోమా ఆచారమే, తీసి పారేయండి" అని మన బాప్టిస్టు బంధువులు, పెంతెకొస్తు బంధువులు అంటారు. విశాఖలో ఈ మాటకు బలం ఎక్కువే. 1805లో విశాఖపట్నంలో దిగిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ లండన్ మిషను వారు. తెలుగులో సువార్తలను అనువదించడానికి ఇక్కడే కూర్చున్నారు, అవి అచ్చై వచ్చేసరికి ఇద్దరూ కన్నుమూశారు. వారి ఆరాధనలో ఈ కాలాల రంగుల పద్ధతి లేదు. "మన తొలి మిషనరీలకు లేని రంగులు మనకెందుకు" అన్న ప్రశ్న న్యాయమైనదే. గలతీయులకు రాస్తూ పౌలు దినాలను, మాసాలను, సంవత్సరాలను పట్టుకుని వేలాడేవారి గురించి దిగులు పడ్డాడు, అది కూడా ఒప్పుకుంటాను.

అయితే అదే పౌలు రోమీయులకు రాసిన పత్రిక పద్నాలుగో అధ్యాయం కూడా తెరవండి. ఒకడు ఒక దినాన్ని ప్రత్యేకంగా ఎంచుతాడు, ఇంకొకడు అన్ని దినాలనూ సమానంగా ఎంచుతాడు, ఇద్దరూ ప్రభువు కోసమే చేస్తే ఒకరినొకరు తీర్పు తీర్చవద్దంటాడు. గలతీయలో ఆయన కోపం రక్షణకు దినాలను షరతుగా పెట్టేవారి మీద. మన బల్ల మీద ఊదా గుడ్డ లేకపోతే ప్రభురాత్రి భోజనం చెల్లదని నేను నేర్పితే ఆ కోపం నా మీద కూడా పడాలి. నేను నేర్పేది అది కాదు. ఇది మనుషులు పెట్టుకున్న క్రమం, ప్రభువు జీవితాన్ని ఏడాదికోసారి మొదటి నుంచి చివరి దాకా గుర్తు చేసుకోవడానికి పెట్టుకున్నారు, చోటును బట్టి మారుతుంది, మారినా నష్టం లేదు. పదమూడేళ్ల పిల్లవాడికి ఈ మాత్రం అర్థమవుతుంది. 'ఊదా అంటే పశ్చాత్తాపం' అని బట్టీ పట్టించినవారికే బాప్టిస్టు స్నేహితుడి ప్రశ్నకు జవాబు దొరకదు.

అర్థాల వరుస మీద నాకు ఇంకో పేచీ ఉంది. మన ప్రసంగీకులు ఈ మధ్య 'పొలాలు పచ్చగా ఉంటాయి కాబట్టి ఆకుపచ్చ' అంటున్నారు. వినడానికి బాగుంటుంది, మన ఊడ్పులు కూడా జూలై, ఆగస్టుల్లోనే. కానీ జూన్ 7న మొదటి ఆకుపచ్చ గడి అంటించేటప్పుడు కిటికీలోంచి చూడండి, మెట్ట నేల ఇంకా ఎర్రగా ఎండిపోయి ఉంటుంది. జనవరి ఆకుపచ్చకు మన వరి మళ్లలో కొయ్యకాళ్లుంటాయి. రంగులు మన నేలను చూసి పెట్టినవి కావు. వాటిని బలవంతంగా సరిపెట్టకండి.

లోపలి పట్టీ అందుకే గీయమన్నాను. బయటి పట్టీలో సంఘం రంగులు, లోపలి పట్టీలో మన ఏడాది. ఎవరి ఇంట్లో ఏం జరుగుతుందో పిల్లలు తమ చేతి రాతతో రాయాలి: పరీక్షలు, ఊడ్పులు, కోతలు, నాన్న సి షిఫ్టు వారాలు, తుఫానుల నెలలు. రెండు పట్టీలూ కలవవు. ఎక్కడ కలవవో అక్కడ ఆగి మాట్లాడండి.

సముద్రం పక్కన ఇళ్లున్న పిల్లలు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు గీత గీసి 'వేట నిషేధం' అని రాస్తారు. ఆ అరవై ఒక్క రోజులూ మరబోట్లు రేవులోనే కట్టి ఉంటాయి, ఇంట్లో అప్పులు మొదలయ్యే కాలం అది. దాని పైన బయటి పట్టీలో ఏముంది? చాలావరకు పునరుత్థానపు తెలుపు. మన సంతోష కాలంలో చాలా భాగం వారికి చేతిలో డబ్బాడని కాలం. ఆ తెల్ల గళ్ల కిందే, రాత్రంతా వలలు వేసి ఏమీ దొరకని శిష్యులకు ఒడ్డున నిలబడిన ప్రభువు కనిపించిన సంగతి, యోహాను సువార్త 21వ అధ్యాయం, చదివించండి. ఆ పిల్లలకు నేను వివరించాల్సినది పెద్దగా ఉండదు. వారే నాకు చెబుతారు.

2014 అక్టోబర్ 12ను కూడా వెనక్కి లెక్కించమనండి. హుద్‌హుద్ తుఫాను విశాఖను కొట్టిన రోజు. అది ఆదివారం. ఆ ఏడు త్రిత్వ ఆదివారం జూన్ 15న వచ్చింది, అక్కడి నుంచి లెక్కపెడితే అది త్రిత్వం తరువాతి పదిహేడో ఆదివారం. రంగు ఆకుపచ్చ. ఆ రోజు మధ్యాహ్నం దాటేసరికి కైలాసగిరి మీద, సింహాచలం కొండ మీద చెట్లకు ఆకు మిగల్లేదు, కాలిపోయినట్టు గోధుమరంగులోకి మారాయి. తరువాతి ఆదివారం కరెంటు లేని గుళ్లలో బల్లల మీద వేయాల్సిన గుడ్డ మాత్రం ఆకుపచ్చే, దాని తరువాతి ఆదివారం కూడా ఆకుపచ్చే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో గ్యాస్ లీకై 12 మంది చనిపోయిన గురువారం పునరుత్థాన కాలంలో ఉంది, రంగు తెలుపు. మన దుఃఖాన్ని చూసి కాలం రంగు మార్చుకోదు. 'ఆకుపచ్చ అంటే ఎదుగుదల' అని మాత్రమే నేర్చుకున్న పిల్లవాడు హుద్‌హుద్ ఆదివారపు గడి ముందు ఏం చెబుతాడు? 'ఆకుపచ్చ అంటే ప్రత్యేకమైన పండుగ లేకపోయినా ప్రభువు వెంట నడిచే మామూలు వారం' అని నేర్చుకున్నవాడికి చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది.

ఎరుపు ఒక్క గడే ఉందని పిల్లలు బాధపడతారు, పటం అందంగా లేదంటారు. టీచర్లు జాలిపడి ఇంకో రెండు గళ్లు ఎరుపు చేయిస్తారు. చేయించకండి. 51 గళ్ల మధ్య ఆ ఒక్కటి ఎలా కనిపిస్తుందో గది అవతలి గోడ దగ్గర నిలబడి చూడమనండి.

పిల్లలు నేర్చుకున్నారో లేదో తెలుసుకోవడానికి రంగుల అర్థాలు అడగవద్దు. పటానికి వీపు తిప్పి నిలబెట్టి, "వేసవి సెలవుల తరువాత బడి తెరిచే వారం ఏ రంగు? దసరా సెలవుల్లో ఏ రంగు?" అని అడగండి. జ్ఞాపకం నుంచి టక్కున చెప్పినవాడి కంటే, కళ్లు మూసుకుని వేళ్ల మీద వారాలు లెక్కపెట్టేవాడు బాగా నేర్చుకున్నట్టు. తరువాత, "మీ బాప్టిస్టు స్నేహితుడు ఇది బైబిల్లో ఎక్కడుంది అంటే ఏమంటావు?" అని అడగండి. బిషప్ గారు తల మీద చేతులుంచే ముందు నేను అడగబోయే ప్రశ్నలు ఈ రెండే.

ఫ్లెక్సీకి డబ్బు ఇస్తానన్న సహోదరునికి నా మనవి. ఆ డబ్బుతో రెండు చుట్టలు ఖాకీ కాగితం, గ్లేజు కాగితాలు, ఆరు కత్తెరలు కొని పెట్టండి, ఇంకా మిగులుతుంది. జిగురు ఇంట్లో ఉడికించిన మైదాది అయితే పలచగా పూయించండి, దట్టంగా పూస్తే బొద్దింకలు పటాన్ని పెంతెకొస్తు దాకా ఉండనివ్వవు. ఎండ పడే పడమటి గోడ వద్దు, ఎరుపు, ఊదా రంగులు మొదట వెలిసిపోతాయి. ప్రసంగ పీఠం పక్క గదిలో తూర్పు గోడ ఖాళీగా ఉంది. పిల్లలు నవంబర్ 30న ఆరాధన అయ్యాక తమ ఇంటి క్యాలెండరు, 30 సెంటీమీటర్ల స్కేలు తెచ్చుకుంటే చాలు. ఆ రోజు గీతలు గీసి ఒక్క ఊదా గడి మాత్రమే అంటిస్తాం. మిగిలిన 51 గళ్లు వారానికి ఒకటి చొప్పున, ఆ ఆదివారం వచ్చినప్పుడే.